కొత్త బ్యాటరీ వేసినా ఆగని కూత: స్మోక్ అలారం రీసెట్ డైరీ

ఇంట్లో మూడు స్మోక్ అలారాలు. మూడూ ఇంటి కరెంటు మీద నడుస్తాయి, కరెంటు పోతే అక్కరకొచ్చేలా ఒక్కోదాంట్లో ఒక 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ఒకదానికి పొగ తగిలితే మూడూ మోగేలా వైరుతో కలిపి ఉన్నాయి. ఈ డైరీలో వాటిని ఇలా పిలుస్తున్నాను: వరండాది ఒకటి, పడకగదిది రెండు, మెట్ల దగ్గరిది మూడు. నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే సగం రోజు మిగులుతుంది.

## దశ 1: ఏది కూస్తోంది?

2024 అక్టోబరు 12, తెల్లవారుజామున 4:35

"ఏమండీ, మళ్ళీ మొదలైంది" అని మా ఆవిడ లేపింది. నిమిషానికోసారి ఒక్క "కిచ్". ఇది మొదలయ్యేది ఎప్పుడూ తెల్లవారుజామునే. ఇంట్లో చల్లదనం ఎక్కువగా ఉండే వేళ అది. చల్లబడితే బ్యాటరీ ఇచ్చే వోల్టేజి కొంచెం తగ్గుతుంది కాబట్టి, అంచు మీద ఉన్న బ్యాటరీ అప్పుడే కూత మొదలయ్యే గీత దిగువకు జారుతుంది. పగలు వేడెక్కాక దానంతటదే ఊరుకుంటుంది. అందుకే ముందు రెండు రోజులు నేను పట్టించుకోలేదు.

కుర్చీ వేసుకుని వరండాలో నిలబడ్డాను. కూత పడకగది నుంచి వచ్చినట్టుంది. పడకగదికి వెళ్తే వరండా నుంచి వచ్చినట్టుంది. ఇది నా చెవుల తప్పు కాదు. ఈ అలారాల బజర్ దాదాపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. శబ్దం ఎటు నుంచి వస్తోందో మనిషి చెవి పోల్చుకోవడానికి బాగా తడబడే శ్రేణి అదే. పైగా కూత రెప్పపాటులో అయిపోతుంది, తల తిప్పేలోపే ఉండదు.

చివరికి ఒక్కో అలారం కింద రెండేసి నిమిషాలు నిలబడి ఎల్‌ఈడీ చూశాను. ఒకటో అలారం కింద కూతా, ఎర్రలైటు మెరుపూ ఒకేసారి వచ్చాయి. దొరికింది అనుకున్నాను. (అసలు తప్పు ఇక్కడే జరిగింది, దశ 3లో తెలుస్తుంది.)

ఒక మాట తెలిసి ఉంటే మంచిది. పొగ హెచ్చరిక వైరు మీదుగా మిగతావాటికి పాకుతుంది గానీ బ్యాటరీ కూత పాకదు. ఏ అలారానికి బాధ ఉంటే అదే కూస్తుంది.

ఇప్పటిదాకా: సమయం 40 నిమిషాలు. మార్చిన బ్యాటరీలు 0. పోయిన నిద్ర మూడు రాత్రులది.

## దశ 2: "కొత్త" బ్యాటరీ కొత్తదేనా?

అదే రోజు, ఉదయం 9:00

సొరుగులో సీలు తీయని 9 వోల్టుల బ్యాటరీ ఉంది. ఒకటో అలారంలో అదే వేశాను. సరిగ్గా నిమిషానికి "కిచ్". తీసి మళ్ళీ వేశాను. "కిచ్". కాంటాక్టు మీద తుప్పేమైనా ఉందేమోనని పొడి గుడ్డతో తుడిచి వేశాను. తేడా లేదు.

అప్పుడు మల్టీమీటర్ తీశాను. మీటర్ 9.1 వోల్టులు చూపించింది. ఇంకేం, బ్యాటరీ బాగుంది అనిపిస్తుంది. అలా అనిపించడమే చిక్కు. మీటర్ బ్యాటరీ నుంచి దాదాపు ఏమీ లాగదు. అలారం అలా చూడదు. లోపలి బోర్డు కాస్త కరెంటు లాగి బ్యాటరీ మీద బరువు మోపి, ఆ క్షణంలో వోల్టేజి ఎంతకు పడిపోతుందో చూస్తుంది. చాలా మోడళ్లలో ఆ బరువు ఎర్ర ఎల్‌ఈడీ మెరుపే. కూత మెరుపుతో కలిసి రావడానికి కారణం కూడా అదే. ఆ క్షణంలో వోల్టేజి గీత దాటి కిందికి పోతే కూస్తుంది. 9 వోల్టుల అలారాల్లో ఆ గీత సాధారణంగా 7.5 చుట్టుపక్కల ఉంటుంది.

కాబట్టి నేనూ బరువు మోపి కొలిచాను. ఇలా:

1. 470 ఓమ్ రెసిస్టర్ ఒకటి తీసుకోవాలి. పావు వాట్‌ది చాలు.
2. బ్యాటరీ రెండు కొనలకు రెసిస్టర్ కాళ్లు ఆనించి పట్టుకోవాలి. దీని గుండా సుమారు 20 మిల్లీయాంపులు పోతాయి.
3. ఆనించి ఉండగానే మీటర్ కొనలు పెట్టి రెండు సెకన్లలో రీడింగ్ చూడాలి. అంతకన్నా ఎక్కువసేపు ఆనించి ఉంచకండి, ఊరికే బ్యాటరీ ఖర్చవుతుంది.

మూడు బ్యాటరీలు ఇలా కొలిచాను:

- అలారంలోంచి తీసిన పాతది: ఊరికే 8.3, బరువు మీద 5.9.
- సొరుగులోది: ఊరికే 9.1, బరువు మీద 7.4.
- అప్పుడే వెళ్లి తెచ్చిన ఆల్కలైన్: ఊరికే 9.52, బరువు మీద 9.44.

సొరుగులోది పైకి 9.1 అయినా పనిలో పెట్టగానే 1.7 వోల్టులు కిందికి జారింది. అంటే లోపలి నిరోధం సుమారు 108 ఓమ్‌లు. ఆల్కలైన్‌ది లెక్క వేస్తే 4 ఓమ్‌లే. సొరుగులోది జింక్-కార్బన్ రకం, పైగా వాడే గడువు తేదీ దాటి రెండేళ్లు. సీలు ఉందంటే ఎవరూ వాడలేదని అర్థం, అంతే. లోపల అది నెమ్మదిగా పాడవుతూనే ఉంటుంది.

రీఛార్జ్ చేసే 9 వోల్టుల బ్యాటరీ వేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. నికెల్-మెటల్ హైడ్రైడ్ రకం నామమాత్రపు వోల్టేజి 8.4 గానీ 7.2 గానీ ఉంటుంది. 7.2 రకమైతే వేసిన కొద్ది రోజుల్లోనే కూత ఖాయం. ఏ రకం వాడొచ్చో అలారం వెనక లేబుల్ మీద రాసి ఉంటుంది, లిథియం బ్యాటరీ విషయంలో కూడా అది చూశాకే వేయాలి.

ఆల్కలైన్ వేశాను. నిమిషం ఆగాను. "కిచ్."

ఇప్పటిదాకా: సమయం 2 గంటల 10 నిమిషాలు. బ్యాటరీలు 2 (ఒకటి వృథా). కూత ఆగలేదు.

## దశ 3: లోపల మిగిలిన ఛార్జి, నా తప్పుడు రీసెట్

అదే రోజు, మధ్యాహ్నం 2:00

బ్యాటరీ మంచిదే, 9.44 సాక్ష్యం ఉంది. అయినా కూస్తోందంటే బోర్డు ఇంకా పాత నిర్ణయమే పట్టుకుని కూర్చుందని అర్థం. ఈ మధ్య మోడళ్లలో చిన్న ప్రాసెసర్ ఉంటుంది. "బ్యాటరీ తక్కువ" అనే గుర్తు కొన్నిసార్లు దాని జ్ఞాపకంలో మిగిలిపోతుంది. కొత్త బ్యాటరీ వేయగానే చెరిగిపోవాలి, కానీ అన్నిసార్లూ చెరగదు. బ్యాటరీ తీసినా కెపాసిటర్లలో కాస్త ఛార్జి మిగిలి, ఆ కాసేపూ ప్రాసెసర్‌ను బతికించి ఉంచుతుంది. మనం పది సెకన్లలో బ్యాటరీ మార్చేస్తే దానికి కరెంటు పోయిన సంగతే తెలియదు.

మొదటి ప్రయత్నం: బ్యాటరీ తీసి టెస్ట్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకున్నాను. అలారం మోగింది, మోగుతూనే ఉంది. అది ఇంటి కరెంటు మీద నడుస్తోందన్న సంగతే మరిచాను! బ్యాటరీ తీస్తే రీసెట్ అయిపోతుంది అనేది బ్యాటరీ మాత్రమే ఉండే అలారాలకు సరిపోతుంది. కరెంటు అలారానికి రెండు దారులూ మూయాలి.

రెండో ప్రయత్నం: అలారాల కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించి, బ్యాటరీ ఉంచి బటన్ నొక్కాను. ఇదీ పనికిరాదు, ఈసారి బ్యాటరీ బతికించింది.

మూడో ప్రయత్నంలో అన్నీ తీశాను. పని చేసిన వరుస ఇది:

1. అలారాలకు వెళ్లే ఎంసీబీ దించాలి. మూడు అలారాల మీదా పచ్చలైటు ఆరిపోయిందో లేదో చూడాలి. ఒకదాని మీదైనా వెలుగుతుంటే తప్పు ఎంసీబీ దించారు, పని అక్కడితో ఆపండి.
2. అలారాన్ని తిప్పి పీఠం నుంచి విడదీయాలి.
3. వెనక ఉన్న ప్లగ్ కొక్కెం నొక్కి లాగాలి. ఇప్పుడు ఇంటి కరెంటు, కలిపే వైరు రెండూ విడిపోతాయి.
4. బ్యాటరీ తీయాలి.
5. టెస్ట్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోవాలి. వదలకూడదు.
6. బ్యాటరీ పెట్టాలి, ప్లగ్ పెట్టాలి, పీఠానికి తగిలించాలి, ఎంసీబీ ఎత్తాలి. పచ్చలైటు రావాలి. బ్యాటరీ పెట్టగానే ఒక్కసారి కూస్తే అది పలకరింపే, తప్పు కాదు.
7. చివరగా టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి మోతను వినాలి.

అయిదో అడుగులో ఏం జరిగిందో రాయాలి, ఎందుకంటే అదే సాక్ష్యం. కరెంటూ లేదు, బ్యాటరీ లేదు. అయినా బటన్ నొక్కగానే అలారం సన్నగా "కీ..." అంది. గొంతు బొంగురుపోయినట్టు తగ్గుతూ తగ్గుతూ మూడు సెకన్లలో ఆగింది. ఎర్రలైటు ఒక్కసారి మసకగా వెలిగి ఆరింది. ఆ మూడు సెకన్ల మోతే నేను వెతుకుతున్న మిగులు ఛార్జి.

అంతకుముందు దాన్ని మీటర్‌తో పట్టుకుందామని బ్యాటరీ క్లిప్ మీద కొనలు పెట్టి చూశాను, సున్నా చూపించింది. ఛార్జి లేదని కాదు. బ్యాటరీకీ బోర్డుకీ మధ్య కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉంటే లోపలి వోల్టేజి బయటికి రాదు. ఈ కొలత మీద ఆధారపడకండి, మోతే నమ్మండి.

అన్నీ బిగించాక వరండాలో కూర్చున్నాను. ఒక నిమిషం, రెండు, అయిదు, ఏమీ లేదు. మా ఆవిడను పిలిచి చెప్పబోతుండగా "కిచ్" అంది. ఎక్కడో.

అప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పది నిమిషాలు వదిలేశాను. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. తర్వాత తరంగ రేఖ చూస్తే అన్నీ ఒకే ఎత్తున్న చిన్న మొనలు, 48 సెకన్లకోసారి, మొత్తం పన్నెండు. ఉదయం మా ఆవిడ విసుగొచ్చి తీసిన ఒక రికార్డింగ్ ఉంది. అదీ తెరిచాను. అందులో 60 సెకన్లకోసారి పెద్ద మొనలు, వాటి మధ్యలో 48 సెకన్లకోసారి అవే చిన్నవి. పొద్దుటి నుంచీ కూస్తున్నది ఒకటి కాదు, రెండు. ఒకటో దాని మోతలో రెండోది దాక్కుంది.

అంటే ఒకటో అలారం నిజంగానే బాగుపడింది. నేను ఆల్కలైన్ వేశాక విన్న "కిచ్" మాత్రం ఏ అలారందో ఇప్పుడు చెప్పలేను. ఆ నిమిషం లైటు చూడలేదు. టెస్ట్ బటన్ పట్టి చేసిన రీసెట్ వల్ల బాగుపడిందా, బ్యాటరీతోనే అయిందా అని ఎవరైనా అడిగితే, నా దగ్గరున్న సాక్ష్యం ఆ మూడు సెకన్ల మోతే.

ఇప్పటిదాకా: సమయం 4 గంటల 30 నిమిషాలు. బ్యాటరీలు 2. బాగుపడ్డ అలారాలు 1.

## దశ 4: రెండో అలారం

అక్టోబరు 12, సాయంత్రం 6:00

ఈసారి పడకగది అలారం కింద మంచం మీద పడుకుని చూశాను. దూరం నుంచి ఒక్క "కిచ్" లా వినిపించేది దగ్గర వింటే రెండు: "కిచ్-కిచ్". ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఎర్రలైటు మెరుపు వేరే సమయంలో వస్తోంది, కూతతో కలవడం లేదు. బ్యాటరీ కూత లైటుతో కలిసి వచ్చే రకానికి ఇది పూర్తి భిన్నం. ఏ కూతకు ఏ అర్థమో మోడల్‌ను బట్టి మారుతుంది, అందుకే అలారం వెనక పట్టిక ఉంటుంది. నా దాంట్లో ఆ పట్టిక వెనకవైపే, ఇంతకాలం పైకప్పుకు ముఖం పెట్టుకుని ఉంది.

ఇది బ్యాటరీ కూత కాదన్న నమ్మకం ఇంకా కుదరక ముందు తేలికైనవి చేసి చూశాను. బ్యాటరీ కొలిస్తే బరువు మీద 9.2. బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో చుట్టూ ఉన్న చీలికల్లోని దుమ్ము తీశాను, బాగానే వచ్చింది, ఒక చిన్న సాలీడు కూడా. దుమ్మూ పురుగులూ అలారం లోపలి పొగ గదిలో చేరితే అలారం అనవసరంగా మోగడమో, తన సున్నితత్వం తప్పిందని చెప్పడమో జరుగుతుంది. తర్వాత దశ 3లోని రీసెట్ మొత్తం చేశాను.

కూత ఆగింది. రాత్రి 7:10.

అక్టోబరు 13, తెల్లవారుజామున 1:50

"కిచ్-కిచ్".

మళ్ళీ రీసెట్ చేశాను, 2:15కి. చీకట్లో నిచ్చెన మీద నిలబడి ఇలా చేయడం మంచి పని కాదు. ఎంసీబీ దించాక టార్చి తప్ప వెలుతురు లేదు.

ఉదయం 9:00కి మళ్ళీ మొదలైంది. మొదటిసారి 6 గంటల 40 నిమిషాలు, రెండోసారి 6 గంటల 45 నిమిషాలు ప్రశాంతంగా ఉంది. రెండు సార్లూ దాదాపు ఒకే లెక్క. మిగులు ఛార్జి సమస్యయితే రీసెట్ తర్వాత తిరిగి రాకూడదు. వచ్చింది అంటే, బోర్డు పరీక్షించుకున్న ప్రతిసారీ అదే జవాబు ఇస్తోంది. ఇది జ్ఞాపకంలో ఇరుక్కున్న తప్పు కాదు.

అప్పుడే వెనక తేదీ చదివాను. తయారీ: 2014 మార్చి. ఈ రోజుకు 10 ఏళ్ల 7 నెలలు.

ఇక్కడ నా రెండో తప్పు ఉంది. అది బిగించింది 2015 డిసెంబరులో, నాకు గుర్తుంది. అందుకే పదేళ్ల గడువుకు ఇంకా ఏడాది పైనే ఉంది అనుకున్నాను. పదేళ్ల లెక్క బిగించిన రోజు నుంచి కాదు, తయారైన తేదీ నుంచి. పెట్టెలో ఉన్న ఏడాదీ తొమ్మిది నెలలూ లెక్కలోకి వస్తాయి. పొగ అలారాలకు పదేళ్లు అన్నది చాలా చోట్ల పాటించే నియమం. కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్ ఉన్నవాటికి ఇంకా ముందే గడువు రావచ్చు, తయారీదారు చెప్పిన తేదీ చూసుకోవాలి.

నా అలారం అయనీకరణ రకం, లోపల అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం రేణువంత ఉంటుంది. దాని అర్ధాయువు దాదాపు 432 ఏళ్లు, పదేళ్లలో దానికి ఏమీ కాదు. వయసు మళ్లేవి పొగ గది, బోర్డు, వాటి మీది దుమ్మూ తేమా. ఆ రేణువు వల్లే దీన్ని విప్పి లోపల శుభ్రం చేయకూడదు. బయటి నుంచి వాక్యూమ్ మాత్రమే.

కొన్ని మోడళ్లలో బటన్ నొక్కితే గడువు కూత కొన్నాళ్లు ఆగుతుంది. అది కొత్తది తెచ్చుకోవడానికి ఇచ్చే వాయిదా. నాదాంట్లో ఆ సౌకర్యం లేదు, ఉన్నా నిద్రకే పనికొస్తుంది.

ఇప్పటిదాకా: సమయం 7 గంటల 20 నిమిషాలు. బ్యాటరీలు 2. రీసెట్‌లు 3 (పనికిమాలిన రెండు ప్రయత్నాలు కాక). బాగుపడినవి 1. బాగుపడనిది 1.

## దశ 5: మార్చడం

అక్టోబరు 13, మధ్యాహ్నం

రెండోది పోయిందంటే మూడోది? దాన్ని కూడా దించి చూశాను. తేదీ అదే, 2014 మార్చి, రెండూ ఒకేసారి బిగించినవే. అది కూయడం లేదు, టెస్ట్ బటన్ నొక్కితే బాగానే మోగుతుంది. అయితే ఆ బటన్ బజర్‌నూ సర్క్యూట్‌నూ పరీక్షిస్తుంది గానీ, పొగ లోపలికి చేరుతోందా అన్నది చూడదు. పదేళ్లు దాటిన అలారం మౌనంగా ఉందని వదిలేయడం నాకు నచ్చలేదు. రెండూ మార్చాను. ఒకటోది 2019లో తయారైనది, దాన్ని ఉంచాను.

కొత్తవి కొనేటప్పుడు చూసినవి:

1. పాతవాటితో వైరు మీద కలవగలవా. అన్నీ ఒకే తయారీదారువీ, కలుస్తాయని వాళ్లే చెప్పినవీ అయితేనే తీసుకున్నాను. కలవని అలారాన్ని అదే వైరుకు తగిలిస్తే అది మోగకపోవచ్చు, మిగతావాటిని అకారణంగా మోగించనూ వచ్చు.
2. వెనక తయారీ తేదీ. మొదట చేతికి ఇచ్చిన పెట్టె మీది తేదీ పద్నాలుగు నెలల కిందటిది. వేరేది అడిగి, మూడు నెలల కిందటిది తీసుకున్నాను.
3. వెనక ప్లగ్ ఆకారం. నావి రెండూ పాతదానికి సరిపోలేదు, వాటితో వచ్చిన ప్లగ్‌నూ పీఠాన్నీ మార్చాల్సి వచ్చింది. ఇది ఇంటి కరెంటు వైర్ల పని. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని చేయడం అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

బిగించాక ఒకటో అలారం బటన్ నొక్కాను. మూడూ మోగాయి. రెండోది నొక్కాను, మూడూ మోగాయి. మూడోది నొక్కాను, మోగాయి. పక్కింటాయన బయటికొచ్చి చూశాడు. ప్రతి అలారం పక్క అంచు మీద, దించకుండానే కనపడేలా, మార్చాల్సిన గడువు మార్కర్‌తో రాశాను. ఒకటోదాని మీద "2029", మిగతా రెండింటి మీద "2034 జూలై".

అక్టోబరు 14, తెల్లవారుజామున 2:20

"కిచ్-కిచ్."

మూడు గదులూ తిరిగాను. ఏ అలారం ఎర్రలైటూ దానితో కలవలేదు. మళ్ళీ 48 సెకన్లు. శబ్దం వంటగది వైపు నుంచి వస్తోంది, అక్కడ అలారమే లేదు. పాత రెండింటినీ పెట్టిన అట్టపెట్టె అక్కడే ఉంది. పడకగదిదాంట్లోంచి బ్యాటరీ తీయడం మరిచాను. తీసి, బటన్ 20 సెకన్లు పట్టుకున్నాను. బొంగురు గొంతుతో "కీ..." అని ఆగింది.

మొత్తం: సమయం 10 గంటల 15 నిమిషాలు. బ్యాటరీలు 2. అలారాలు 2. పోయిన నిద్ర అయిదు రాత్రులది.